అరవై నాలుగు ఆశ్చర్యార్థకాలు

రాత చూసి కడుపులో తిప్పడం డెబ్బై ఆరేళ్లలో నాకు అదే మొదటిసారి. మనుషుల్ని చూసి తిప్పింది. ఒకసారి మా బడిలో లెక్కల పంతులుగారి చేతిరుమాలు చూసి మూడు రోజులు అన్నం మానేశాను. నాలుగో రోజు మా అమ్మ మూడు రోజుల తిండీ కలిపి ఒకేసారి పెట్టింది, అది వేరే సంగతి. రాత చూసి మాత్రం ఎప్పుడూ లేదు.

ఆ రాత ఒక ఆడపిల్ల ఫోన్లో ఉంది. ఆ ఫోను మా మేనకోడలి చేతిలో ఉంది. మేనకోడలిది టైపింగు, జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల కొట్టు. రెండు కంప్యూటర్లు, ఒక లామినేషన్ మిషను, దాని పక్కన ఒక స్టూలు, ఆ స్టూలు మీద నేను. మిషను కన్నా నేనే ఎక్కువ వేడెక్కుతానని మేనకోడలు అంటుంది.

"చూడు మామయ్యా," అని ఫోను నా వైపు తిప్పింది.

తెలుగు మాటలే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. అదీ అన్నీ పెద్దక్షరాలే. అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటెక్కి అరుస్తున్నాయి. మధ్యమధ్య ఆశ్చర్యార్థకాలు, కుళ్లిన పండు మీద ముసిరినట్టు గుంపులు గుంపులుగా. కూడబలుక్కుని చదివాను.

"అందరూ షేర్ చేయండి!!!!! షేర్ షేర్ షేర్!!!!! మా హాస్టల్లో విషం తాగిస్తున్నారు!!!!! అమ్మాయిలు చచ్చిపోతున్నారు చచ్చిపోతున్నారు!!!!!! ప్లీజ్ ప్లీజ్ ప్లీజ్ షేర్ చేయండి!!!!! పట్టించుకునేవాడే లేడా!!!!!"

ఇలాగే ఇంకా కిందికి, బొటనవేలు నొప్పి పుట్టేదాకా.

"ఎవరమ్మా చచ్చిపోయింది?" అన్నాను.

"ఎవరూ చచ్చిపోలేదు తాతగారూ," అంది ఆ పిల్ల. ఇరవయ్యేళ్లుంటాయి. కళ్ల కింద నలుపు. చేతిలో నీళ్ల సీసా.

"మరి విషం?"

ఆ పిల్ల సీసా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. తడిగుడ్డ నాలుగు రోజులు మూలన పడేస్తే వచ్చే కంపు. అందులోంచి ఇంకేదో తియ్యటి కంపు, అదే అసలు పాడుది. నీళ్లలో సన్నటి నూగులాంటిది తేలుతోంది. సీసా కదిలిస్తే అదీ కదిలింది. స్టూలుతో సహా వెనక్కి జరిగాను.

సంగతి ఇదీ. ఆ పిల్లా, ఇంకొందరూ ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. వారం నుంచి కుళాయి నీళ్లు కంపు. ఒకరి తరవాత ఒకరికి వాంతులు, విరేచనాలు. ఆ పిల్ల గదిలోని మరో అమ్మాయికి ఆస్పత్రిలో సెలైను ఎక్కుతోంది. హాస్టల్ ఆవిడకు చెబితే బయటి తిండి తిని ఉంటారంది. మున్సిపాలిటీకి ఫోను చేస్తే, అలా అరిస్తే ఏమీ అర్థం కావడం లేదు, రాసి తెచ్చివ్వండన్నారు. ముందురోజు ఊరి గ్రూపులో ఈ పోస్టు పెట్టింది. ఆ గ్రూపులో ఊళ్లో సగంమంది ఉన్నారు. వచ్చినవి నవ్వు బొమ్మలు పదకొండు, "ఇలాంటి ఫార్వార్డులు నమ్మొద్దు" అని ఒకరి హితబోధ. గంటలో గ్రూపు అడ్మిన్, అంటే మందుల షాపాయన, పోస్టు తీసేశాడు.

"ఈరోజు నాలుగింటికి ట్యాంకు కడగడానికి మనుషుల్ని పిలిచింది హాస్టల్ ఆంటీ," అంది ఆ పిల్ల. "కడిగేస్తే ఇంక ఏముంటుంది చూపించడానికి? ట్యాంకు శుభ్రంగా ఉంటుంది, నేను అబద్ధాలకోరునవుతాను. తప్పైందని గ్రూపులో రాయకపోతే సాయంత్రం గది ఖాళీ చెయ్యమంది. ఎల్లుండి నుంచి పరీక్షలు."

మేనకోడలు ముందు మున్సిపాలిటీ సైట్లో ఫిర్యాదు ఎక్కించింది. నంబరు వచ్చింది. మూడు పనిదినాల్లో చూస్తామని కూడా వచ్చింది. అప్పుడు టైము పదింపావు.

"మూడు రోజులకి ఆ ట్యాంకులో చేపలు పెంచుకోవచ్చు," అన్నాను. "పోస్టే గతి. మనుషులు నమ్మితే ఆఫీసు కదులుతుంది."

మేనకోడలు పోస్టును కంప్యూటర్లోకి తెచ్చి వెతికే పెట్టెలో ఆశ్చర్యార్థకం కొట్టింది. అరవై నాలుగు. ఒక్క దెబ్బకి అన్నీ తీసేసింది. తరవాత "షేర్"లు, తొమ్మిది. "ప్లీజ్"లు, పన్నెండు. అవీ పోయాయి. మిగిలినదాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చింది. అంత పొడుగు పోస్టూ నాలుగు లైన్లకొచ్చి కూర్చుంది.

నాకు అసహ్యమేసింది అక్కడే. ఆ నాలుగు లైన్లలో ఏమీ లేదు. హాస్టల్ ఎక్కడో లేదు. ఎప్పటినుంచో లేదు. ఎవరికి ఏమైందో లేదు. అంత కేకా వేసి అసలు మాటే చెప్పలేదు. కంపు నీళ్లున్నాయి, పడుకున్న మనుషులున్నారు, కేక పైకి లేచి వాళ్లందర్నీ కప్పేసింది.

"అక్కా, బాగా చప్పగా అయిపోయింది," అంది ఆ పిల్ల దిగులుగా.

"చప్పగా కాదు, ఖాళీగా ఉంది," అంది మేనకోడలు. "ఇప్పుడు నింపుదాం. విషం అన్నావు. ఎవరైనా కలిపారా?"

"లేదు. నీళ్లు కుళ్లాయి."

"అయితే విషం తీసేద్దాం. నీళ్లు వాసన వస్తున్నాయి, ఏ రోజు నుంచి?"

"పోయిన మంగళవారం పొద్దున్నుంచి."

"ట్యాంకులో ఏముందో చూశావా?"

"వంటామె చూసిందట. పక్షి చచ్చిపడుందని చెప్పింది. నేను చూసింది బకెట్లో ఈకలే."

"అయితే నువ్వు చూసింది ఈకలు. పక్షి సంగతి వంటామె చెప్పింది. రెండూ విడివిడిగా రాస్తాను. డాక్టరేమన్నాడు?"

"నీళ్ల వల్ల కావొచ్చన్నాడు."

"ఆ 'కావొచ్చు' తియ్యొద్దు. ఆస్పత్రి చీటీ ఉందా? పేరు కనపడకుండా దాని ఫొటో పెడదాం. సెలైను ఎక్కుతున్న అమ్మాయి ఫొటో వద్దు, ఆమెను అడగలేదుగా."

నేను వింటూ కూర్చున్నాను. మా మేనకోడలు ఇంట్లో ఉప్పెక్కడుందో చెప్పదు గానీ, పనిలో కూర్చుంటే పోలీసు. చివర్లో అడిగింది, "ఎంతమందికి జబ్బు?"

"ఆరుగురికి."

అక్కడ నాలోని దరిద్రుడు లేచి కూర్చున్నాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు మా ఊళ్లో అబద్ధాలాడేవాళ్లం ఇద్దరం. నేనూ, లౌడు స్పీకరని మేం పిలిచే ఒకడూ. వాడు వాగు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి "ఎద్దంత చేప" అని అరిచేవాడు. ఎవడూ గంజి ముంత కూడా దించేవాడు కాదు. నేను మెల్లిగా వచ్చి, అరుగు మీద కూర్చుని, కాళ్లు తుడుచుకుని, "రెండు మూరల మీద నాలుగు వేళ్లుంది. ఎడమ కన్ను లేదు పాపం," అనేవాణ్ణి. అరగంటలో సగం ఊరు వలలతో వాగులో ఉండేది. ఒక ఏడైతే వాగులో నీళ్లే లేవు.

ఆ విద్య ఊరికే పోతుందా?

"ఆరుగురంటే ఎవడూ కుర్చీ లోంచి లేవడు," అన్నాను. "పదిహేడు వెయ్యి."

"మామయ్యా."

"ఇరవై అంటే గాలిమాటలా ఉంటుంది. పదిహేడంటే ఎవరో కూర్చుని లెక్కపెట్టినట్టుంటుంది. అరుపులన్నీ తీసేశాంగా, ఈ ఒక్కటీ మెత్తగా జారిపోతుంది. ఒక్కరోజు ముచ్చట. మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరొచ్చి ట్యాంకు చూశాక అంకెనెవడు అడుగుతాడు?"

మేనకోడలు చేతులు కట్టుకుంది. "నేను ఒప్పుకోను."

నేను ఆ పిల్ల వైపు తిరిగాను. "నీకు గది కావాలా, అంకె కావాలా?"

వారం నుంచి సరిగా తినని మనిషిని అలా అడిగితే ఏమంటుంది? "తాతగారు చెప్పినట్టే రాయక్కా," అంది. మేనకోడలు నన్ను చూసిన చూపు ఇంకొకరైతే తట్టుకోలేరు. టైపు చేసింది.

పదకొండుంపావుకి ఆ పిల్ల పేరుతో, కింద మా కొట్టు పేరుతో పోస్టు పడింది. హాస్టల్ ఏ వీధిలోదో, ఏ రోజు నుంచో, ఏం చూశారో, ఏం విన్నారో, డాక్టరు మాట, చీటీ, సీసా ఫొటోలు. చివర ఒక్క కోరిక: శాంపుల్ తీసేదాకా ట్యాంకు కడగవద్దు. ఒక్క అరుపు లేదు. మధ్యలో పెళ్లికొడుకులా నా పదిహేడు.

అరగంటలో గ్రూపు కదిలింది. "చదువుతుంటే నిజంలా ఉంది," అని ఒకరు. "మా వీధే, అధికారులు వెంటనే రావాలి," అని ఇంకొకరు. మందుల షాపాయన పోస్టును అన్నిటికన్నా పైన నిలబెట్టాడు. నేను మీసం దువ్వుకున్నాను. మీసం లేకపోయినా దువ్వుకున్నాను.

పన్నెండింటికి హాస్టల్ ఆవిడ జవాబు పెట్టింది.

"గ్రూపు పెద్దలకు నమస్కారం. మా హాస్టల్ గురించి వచ్చిన పోస్టు చూశాము. మా వద్ద ఉంటున్నవారు పధ్నాలుగు మంది. రిజిస్టరు ఫొటో జత చేస్తున్నాము. పధ్నాలుగు మందిలో పదిహేడు మంది ఎలా జబ్బుపడ్డారో దయచేసి తెలుపగలరు. ట్యాంకు ప్రతి నెలా శుభ్రం చేయిస్తున్నాము. ఈరోజు కూడా చేయిస్తున్నాము. ధన్యవాదాలు."

అంత పద్ధతైన రాత నేను చూడలేదు. ప్రతి వాక్యం స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చినట్టుంది. కుళ్లు నీళ్లు తాగించిన మనిషి అంత మెత్తగా ఎలా రాస్తుందని ఒళ్లు జలదరించింది. మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చి ఇంకా ఎక్కువ జలదరించింది. అది నా విద్యే. ఆవిడా అరుగు మీద కూర్చుని కాళ్లు తుడుచుకుంటోంది.

నవ్వు బొమ్మలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి పదకొండు కాదు, వంద దాటాయి. "లెక్కలు రాని అమ్మాయికి పరీక్షలెందుకు," అని ఒకడు. "మిగతా ముగ్గురూ ట్యాంకులోంచి వచ్చారేమో," అని ఇంకొకడు. సెలైను ఎక్కుతున్న పిల్లను తలుచుకుంటే వాళ్ల నవ్వు కూడా ఆ సీసాలో నీళ్లలాగే కంపు కొట్టింది. వాళ్లకి నవ్వే చనువిచ్చింది నేనే.

ఆ పిల్ల ఏడవలేదు. ఫోను బోర్లించి పెట్టి, "ట్యాంకు వాళ్లను నాలుగింటికి కాదు, రెండున్నరకే రమ్మందట. వంటామె ఫోను చేసింది," అంది.

మందుల షాపాయన ఫోను చేశాడు. మేనకోడలు స్పీకరు పెట్టింది.

"ఏమ్మా, నీ కొట్లోంచి వచ్చిందని పైన పెట్టానే. నన్ను వెధవను చేశావు."

"పోస్టు తీసేస్తారా?"

"తీస్తే తప్పు దాచామంటారు. దిద్దండి. దిద్దితే పాత మాటా కొత్త మాటా రెండూ కనపడతాయి. ఇరవై నిమిషాలు చూస్తాను, దిద్దకపోతే అబద్ధమని నేనే రాస్తాను." పెట్టేశాడు.

"టైపింగు మిస్టేకని రాద్దాం," అన్నాను. "ఏడు కొట్టబోతే ముందు ఒకటి పడిందని."

"ఆరుగురన్నది కదా, ఏడెక్కడిది?" అంది మేనకోడలు. ఆమె కోపమొస్తే గొంతు పెంచదు, తగ్గిస్తుంది. "టైపు చేసింది నేను. నా చెయ్యి తప్పు కొట్టిందని ఊరంతా చెప్పుకోమంటావా? నీకు ఒక్కరోజు నిజం చెప్పడం అంత కష్టమా మామయ్యా?"

కష్టమే. డెబ్బై ఆరేళ్లుగా నోరు ఒక దారికి అలవాటుపడింది. ఆ పిల్ల బోర్లించిన ఫోను వైపే చూస్తోంది. నేను స్టూలు దగ్గరికి లాక్కున్నాను.

"రాయి. పదిహేడు అనే అంకె అబద్ధం. అది పెట్టించింది ఈ కొట్లో కూర్చునే ముసలివాణ్ణి, నేను. అమ్మాయి ఆరుగురనే చెప్పింది. టైపు చేసినామె వద్దంది. వయసు డెబ్బై ఆరు, బుద్ధి మాత్రం..."

"బుద్ధి సంగతి వద్దు. ఎవరూ అడగలేదు," అంది మేనకోడలు. ఆ పిల్లనడిగింది, "ఆరుగురిలో నువ్వు కళ్లారా చూసింది ఎందరిని?"

ఆ పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టింది. "ముగ్గుర్ని. మిగతా ముగ్గురి సంగతి పక్కగది వాళ్లు చెప్పారు. వాళ్లు ఇళ్లకెళ్లిపోయారు."

"అదే రాద్దాం. ముగ్గురిని చూశాను, ముగ్గురి గురించి విన్నాను, ఆ ముగ్గురి ఇళ్లవాళ్లు ఈ గ్రూపులో ఉంటే దయచేసి చెప్పండని."

రాసింది. నాకు ఒంటి మీద గుడ్డ లేనట్టనిపించింది. ఒక ఉపమానం లేదు, ఒక చమత్కారం లేదు. నా జీవితంలో నేను చెప్పించిన అతి పేద వాక్యాలవి.

తరవాత ఒకడు, "తాతా, నీకు దండం," అన్నాడు, వెక్కిరింతే. ఇంకొకరు, "ఈ గ్రూపులో తప్పు చెప్పానని ఒకరు రాయడం ఇదే చూడటం," అన్నారు. అదీ వెక్కిరింతో కాదో తెలియలేదు.

అప్పుడు ఒకావిడ రాసింది. "ఇంటికొచ్చేసిన ముగ్గురిలో ఒకతె మా అమ్మాయి. గురువారం నుంచి విరేచనాలు. చీటీ పెడుతున్నాను." కింద చీటీ. ఇంకాసేపటికి ఒకాయన, "మా తమ్ముడి కూతురికీ అదే. తిండి అనుకున్నాం." మూడో అమ్మాయి తనే రాసింది: "నాకు జబ్బు లేదు. అక్క పెళ్లికి వచ్చాను. నీళ్ల వాసన మాత్రం నిజం."

"అయితే ఐదుగురు," అంది ఆ పిల్ల. "నేనూ తప్పే చెప్పాను." తనే అడిగి ఆరును ఐదు చేయించింది.

ఒకటీ యాభైకి ఒక జవాబు వచ్చింది. మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఆ గ్రూపులోనే ఉన్నాడు, పొద్దున్నుంచీ చదువుతూనే ఉన్నాడు కాబోలు. "బయల్దేరాను. ట్యాంకు ఎవరూ ముట్టుకోవద్దు."

మేనకోడలు కొట్టుకి తాళం వేసింది. ముగ్గురం ఆటోలో పోయాం. దారిపొడుగునా నేను నోరు విప్పలేదు. మేనకోడలు రెండుసార్లు నా మొహంలోకి చూసింది, బతికే ఉన్నానా అని.

మేం వెళ్లేసరికి ఇన్‌స్పెక్టరు హాస్టల్ డాబా మీదున్నాడు. ట్యాంకు కడిగేవాళ్లు బ్రష్షులు పట్టుకుని గోడకు చేరబడి ఉన్నారు, ముట్టుకోలేదు. హాస్టల్ ఆవిడ ఇస్త్రీ చీర, నున్నగా దువ్విన జుట్టు. "రండి పెద్దాయనా, ఎండలో ఇబ్బంది పడ్డారు," అంది నాతో. పోస్టులోలాగే మాట్లాడుతుంది.

ఇన్‌స్పెక్టరు ముందు కింద కుళాయి మూతిని మంటతో కాల్చి, నీళ్లు కాసేపు వదిలి, తెచ్చుకున్న సీసాలో పట్టి ఐసు పెట్టెలో పెట్టాడు. ఇంకో చిన్న గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేశాడు. "క్లోరిన్ ఉంటే పసుపు తిరగాలి," అన్నాడు. నీళ్లు పసుపు తిరగలేదు, మురికి మురికిగానే ఉన్నాయి. తరవాత ట్యాంకు మూత తీయించాడు.

మూత ఒక పక్క పగిలి ఉంది. పావురాలు రెండు. ఎన్నాళ్లవో, పావురాలని చెప్పడానికి కాళ్లే మిగిలాయి. మిగతాదంతా నీళ్ల మీద మీగడ కట్టినట్టు తేలుతోంది. ఆ మీగడ కదులుతోంది. పైన గాలి లేదు.

నేను పిట్టగోడ పట్టుకుని వంగాను. పొద్దున్నుంచి లోపల పేరుకున్నదంతా ఎవరింటి వెనకనో పడింది. పదిహేడు కూడా పోయి ఉంటుంది.

"పావురాలే కదండీ," అంటోంది హాస్టల్ ఆవిడ, వెనక, అదే గొంతుతో. "ప్రతి నెలా కడిగిస్తాం. నిన్నో మొన్నో పడుంటాయి."

ఇన్‌స్పెక్టరు ఆ మాట రాసుకోలేదు. ఆ పిల్లను అడిగాడు, "ఎందరమ్మా?"

"నేను చూసింది ముగ్గుర్ని. ఇళ్లవాళ్లు చెప్పింది ఇద్దరి గురించి. చీటీలున్నవి రెండు."

రాసుకున్నాడు. ట్యాంకు వాడకూడదని, పరీక్ష ఫలితం వచ్చేదాకా బయటినుంచి నీళ్లు తెప్పించాలని, ఫిర్యాదు చేసినవారిని ఖాళీ చేయించకూడదని కాగితం మీద రాసి ఆవిడ చేత సంతకం చేయించాడు. ఆవిడ సంతకం కూడా గుండ్రంగా, అందంగా ఉంది.

నేనింకా మూతి తుడుచుకుంటున్నాను. ఆవిడకు మర్యాద రక్తంలో ఉంది, ఏం చేస్తుంది పాపం. కింద వంటింట్లోకి కేకేసి గ్లాసుతో నీళ్లు తెప్పించింది. "పెద్దాయనా, కాసిని నీళ్లు తాగండి. గొంతు తడుపుకోండి," అని నా ముందుకు చాచింది.

గ్లాసు తళతళలాడుతోంది. అందులో సన్నటి నూగు నెమ్మదిగా కిందికి దిగుతోంది. డాబా మీద అందరూ గ్లాసు వైపే చూశారు. బ్రష్షులు పట్టుకున్నవాళ్లు కూడా.

"మీరు తాగాక ఇవ్వండమ్మా," అన్నాను.

ఆవిడ గ్లాసు కేసి చూసింది. మొహం మీద చిరునవ్వు అలాగే ఉంది, చెయ్యి మాత్రం చీర కుచ్చిళ్లకు తగలకుండా గ్లాసును దూరంగా పట్టుకుంది.